గాలి లేని టైరు బరువెలా మోస్తుంది?

టైరులో గాలి తగ్గితే బండి కుంగుతుంది, గాలి కొట్టిస్తే లేస్తుంది. అందుకే బండి బరువును గాలే కింది నుంచి ఎత్తిపట్టుకుంటోందని అనుకుంటాం. కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. టైరు లోపలి గాలి అన్ని వైపులకూ ఒకే ఒత్తిడితో నెడుతుంది. రిమ్మును కింది నుంచి పైకి ఎంత బలంగా నెడుతుందో, పై నుంచి కిందికీ అంతే బలంగా నెడుతుంది. చెల్లుకు చెల్లు. మరి బరువును మోసేది ఎవరు?

మోసేది టైరు పక్కగోడల్లోని దారాలు. రబ్బరులో కలిపి నేసిన ఆ దారాలు రిమ్ము అంచు నుంచి బయలుదేరి, నేలను తాకే పట్టాలోకి వెళతాయి. లోపల గాలి ఉన్నంతసేపూ అవి చుట్టూ బిగుతుగా లాగి ఉంటాయి. బండి బరువు పడగానే నేల దగ్గర టైరు ఉబ్బుతుంది, అక్కడి దారాల లాగుడు తగ్గుతుంది. పైభాగం దారాలు మాత్రం ముందున్న బిగువుతోనే రిమ్మును పైకి లాగుతూ ఉంటాయి. కింద లాగుడు తగ్గింది, పైన తగ్గలేదు. ఆ తేడాయే బండిని నిలబెడుతుంది. అంటే రిమ్ము గాలి మీద కూర్చుని లేదు, టైరు పైభాగం నుంచి వేలాడుతోంది. గాలి పని దారాలను బిగుతుగా ఉంచడం, నేలను తాకే చోట మెత్తగా, సమంగా అదమడం.

గాలి లేని టైరును అర్థం చేసుకోవడానికి దారి ఇదే. గాలి తీసేసి ఆ జాగాలో గట్టి రబ్బరు నింపడం కొత్త సంగతేమీ కాదు. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్‌లు ఎన్నో ఏళ్లుగా అలాంటి ముద్ద టైర్ల మీదే నడుస్తున్నాయి. వాటికి పంక్చరు బెడద లేదు. కానీ బరువెక్కువ, కుదుపు ఎక్కువ. రబ్బరు ముద్ద నలిగిన ప్రతిసారీ వేడి పుడుతుంది, ఆ వేడి లోపలే ఉండిపోతుంది కాబట్టి వేగంగా నడపలేం. మరి గాలి ఉన్నప్పుడు రిమ్ము ఎలా వేలాడుతుందో, గాలి లేకుండానే దాన్ని అలా వేలాడదీయగలమా? గత ఇరవై ఏళ్లలో ఇంజనీర్లు జవాబు వెతికిన ప్రశ్న ఇది. దానికి అందరికన్నా ముందు అంగడికెక్కిన జవాబు ఫ్రెంచి టైర్ల కంపెనీ మిషెలిన్ 2005లో చూపించిన ట్వీల్. టైరు, చక్రం విడివిడిగా లేకుండా ఒకటే వస్తువుగా తయారయ్యే చక్రం అది. దీని వెనకున్న సూత్రాన్ని ఆ కంపెనీ అమెరికా పరిశోధన కేంద్రంలో పనిచేసిన టిమోతీ రైన్, స్టీవెన్ క్రోన్ 2006లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు.

పైన లాగుడు, కింద మడత

ట్వీల్‌ను పక్క నుంచి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. మధ్యలో ఇరుసుకు బిగించే లోహపు హబ్బు. బయట నేలను తాకే రబ్బరు పట్టా, దాని కింద ఒక మందపాటి వలయం. హబ్బుకూ ఆ వలయానికీ మధ్య వరసగా పాలీయురేథేన్ స్పోకులు. ఇవి సైకిలు పుల్లల్లా సన్నటి తీగలు కావు. చక్రం వెడల్పు ఎంతో అంత వెడల్పున పరుచుకున్న పలచటి రేకులు. పక్క నుంచి వాటి అంచు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి పుల్లల్లా అనిపిస్తాయి.

ఈ రేకులు చూసి చాలామంది వీటిని ఎడ్లబండి చక్రంలోని ఆకులతో పోల్చుకుంటారు. రెండూ పనిచేసే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఎడ్లబండి చక్రంలో కుండ కింద ఏ ఆకు ఉంటే ఆ ఆకు నిలువు స్తంభంలా నిలబడి బరువు మోస్తుంది. పైనున్న ఆకులు ఆ క్షణంలో ఖాళీ. అందుకే వాటిని గట్టి కర్రతో, లావుగా చేస్తారు. బాటలోని ప్రతి రాయి దెబ్బా ఆ కర్ర గుండా నేరుగా ఇరుసుకు చేరుతుంది. ట్వీల్‌లో కింద ఉన్న స్పోకు బరువు మోయదు. హబ్బు కుంగగానే అది మడతపడి పక్కకు తప్పుకుంటుంది. పైనున్న స్పోకులు, పక్కల నున్నవి కొంత, సాగి బిగుసుకుని హబ్బును తమ నుంచి వేలాడదీసుకుంటాయి.

పాత సైకిలు ట్యూబు నుంచి వేలెడు వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించి చూస్తే ఈ సంగతి చేతికే తెలుస్తుంది. రెండు కొసలూ పట్టుకుని లాగితే అది బాగానే ఎదురు లాగుతుంది. కొసలను దగ్గరికి నెడితే అడ్డేమీ చెప్పకుండా వంగిపోతుంది. స్పోకు సరిగ్గా అలాగే ఉండాలి. లాగితే మోయాలి, నొక్కితే తప్పుకోవాలి. అందుకే దాన్ని పలచగా, మొదటి నుంచే కాస్త వంపుతో పోత పోస్తారు. ఎటు మడతపడాలో ఆ వంపే నిర్ణయిస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల ఒక రాయి ఎదురైనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. రాయి మీదికి వచ్చిన చోట వలయం లోపలికి నొక్కుకుంటుంది, అక్కడి రెండు మూడు స్పోకులు ఇంకాస్త మడతపడతాయి. ఆ దెబ్బను ఇరుసు దాకా చేరవేసే స్తంభమేదీ అక్కడ లేదు. బండి బరువు మాత్రం ఎప్పటిలాగే పైనున్న స్పోకుల నుంచి వేలాడుతూనే ఉంటుంది. గాలి టైరు రాయిని మింగేసినట్టు అనిపించేదీ ఇలాగే.

రెండు పట్టీల మధ్య మెత్తటి పొర

స్పోకులు కంటికి కనిపిస్తాయి కాబట్టి మన దృష్టంతా వాటి మీదే పడుతుంది. అసలు తెలివి మాత్రం వాటి చివర ఉన్న వలయంలో ఉంది. పైనున్న స్పోకులు హబ్బును మోస్తున్నాయి సరే, ఆ స్పోకులను ఎవరు మోస్తున్నారు? వలయమే. పైభాగంలో పడిన బరువు వలయం చుట్టూ దిగి నేలకు చేరాలి. వలయం పలచటి రబ్బరు పట్టీ అయితే ఆ బరువుకు నలిగి కూలిపోతుంది. గట్టి ఇనుప కమ్మీ అయితే నేల మీద ఒక గీత వెంబడి మాత్రమే ఆనుతుంది. రోడ్డు మీద పట్టు ఉండదు, కుదుపు తగ్గదు. వలయం ఆకారం కోల్పోకుండా నిలబడాలి, నేల తగిలిన చోట మాత్రం చదునుగా పరుచుకోవాలి.

దీనికి ఇంజనీర్లు వలయాన్ని మూడు పొరలుగా కట్టారు. లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ. ఈ రెండింటిలోనూ సాగని తీగలు పరిచి ఉంటాయి. వాటి మధ్య ఒక సెంటీమీటరు, అంతకు కాస్త అటూ ఇటూ మందంతో సాగే గుణమున్న పొర. ఈ మూడూ విడిపోకుండా గట్టిగా అతికి ఉంటాయి.

గుండ్రంగా ఉన్నప్పుడు బయటి పట్టీ లోపలి పట్టీ కన్నా పొడవు. కేంద్రం నుంచి దూరంగా ఉంటుంది కాబట్టి దాని చుట్టుకొలత ఎక్కువ. ఇప్పుడు నేల తగిలిన చోట వలయం చదునైతే రెండు పట్టీలూ పక్కపక్కన తిన్నగా పరుచుకోవాలి. బయటి దాని పొడవు ఎక్కువైంది, లోపలి దానికి తక్కువైంది. ఏదీ సాగదు, ఏదీ కుంచించుకోదు. మిగిలిన దారి ఒకటే: ఒకదాని మీద ఒకటి జారాలి. అతికి ఉన్న మధ్య పొర వాటిని జారనివ్వకుండా అడ్డుపడుతుంది. అలా జారబోతూ మధ్య పొర వాలిపోవడాన్ని ఇంజనీర్లు షియర్ అంటారు, ఈ వలయాన్ని షియర్ బ్యాండ్ అంటారు.

దీన్ని కంటితో చూడాలంటే వలయం పక్క అంచు మీద, లోపలి పట్టీ నుంచి బయటి పట్టీ దాకా తెల్ల సుద్దతో దగ్గర దగ్గరగా గీతలు గీయాలి. నేలకు తగలని చోట గీతలన్నీ కేంద్రం వైపు నిటారుగా ఉంటాయి. నేలకు తగిలిన భాగంలో సరిగ్గా నడిమి గీత తిన్నగానే ఉంటుంది. దాని నుంచి ముందుకూ వెనక్కూ వెళ్లేకొద్దీ గీతలు క్రమంగా వాలుతూ, నేలను వదిలే అంచు దగ్గర అన్నిటికన్నా ఎక్కువ వాలి ఉంటాయి. ఇలా వాలుడు ఒక క్రమంలో, సమంగా పెరగడం వల్ల నేల మీద పడే ఒత్తిడి ఆ భాగమంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. గాలి టైరు నేల మీద ఒత్తిడిని సమంగా పంచినట్టే ఇదీ పంచుతుంది. గాలి చేసిన రెండో పనిని అందుకున్నది ఈ మధ్య పొరే.

ఒక లెక్క

ఈ వలయం నేల మీద ఎంత ఒత్తిడితో ఆనుతుందో చెప్పే సూత్రం చిన్నది. మధ్య పొర బిగువును దాని మందంతో గుణించి, వచ్చినదాన్ని చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే చాలు. బిగువు అంటే ఇక్కడ పొర పక్కకు వాలకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత.

ఒక మామూలు కారు తీసుకుందాం. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు. ఒక్కో చక్రం మీద పడే బరువు 400 కిలోలు. గాలి షాపులో మనం 30 పెట్టమంటాం కదా, అది సుమారుగా చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడి. అంటే 400 కిలోలు మోయడానికి 200 చదరపు సెంటీమీటర్ల టైరు నేలకు ఆనాలి. అటూ ఇటూ 14 సెంటీమీటర్లున్న చదరం అది.

గాలి లేకుండా ఇదే ఒత్తిడి రావాలంటే, బిగువును మందంతో గుణిస్తే 2 ఇంటూ 30, అంటే 60 రావాలి. మధ్య పొర మందం ఒక సెంటీమీటరు అనుకుంటే దాని బిగువు చదరపు సెంటీమీటరుకు 60 కిలోలు ఉండాలి. టైరు పట్టాకు వాడే మామూలు రబ్బరు బిగువు 10 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దానితో చేయబోతే పొర 6 సెంటీమీటర్ల మందం కావాలి. అంత మందమైన రబ్బరు ప్రతి చుట్టుకూ నలిగితే వేడెక్కుతుంది, చక్రం బరువెక్కుతుంది, మళ్లీ ముద్ద టైరు దగ్గరికే వచ్చినట్టవుతుంది. అందుకే పాలీయురేథేన్ లాంటి పదార్థాల వైపు వెళ్లారు. వాటిని మామూలు రబ్బరు కన్నా ఎన్నో రెట్లు బిగువుగా, అయినా నలిగినప్పుడు తక్కువ వేడి పుట్టేలా తయారు చేయవచ్చు.

ఈ లెక్క నుంచే గాలి లేని టైరుకున్న పెద్ద లాభమూ, పెద్ద ఇబ్బందీ రెండూ బయటపడతాయి. గాలి టైరులో అంతా గాలి చేతిలోనే ఉంటుంది. మెత్తదనం కోసం గాలి తగ్గిస్తే మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. పక్క బిగువు కోసం పెంచితే కుదుపు పెరుగుతుంది. ట్వీల్‌లో నేల మీది ఒత్తిడిని మధ్య పొర నిర్ణయిస్తుంది, పైకీ కిందికీ ఎంత మెత్తగా ఉండాలో స్పోకుల పొడవు, మందం నిర్ణయిస్తాయి, పక్కకు ఎంత గట్టిగా ఉండాలో స్పోకుల వెడల్పు నిర్ణయిస్తుంది. ఒకదాన్ని కదపకుండా మరొకదాన్ని మార్చుకోవచ్చు. ఇది లాభం. కానీ మార్చుకునేది కార్ఖానాలోనే. ఒకసారి పోత పోశాక ఆ 60 అనే సంఖ్య చక్రం జీవితకాలమంతా 60 గానే ఉంటుంది. ఊరికి బయలుదేరే ముందు నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఎక్కించి, రెండు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించుకునే వీలు లేదు. లోడు చూసి గాలి పెంచుకునే మన సరుకు రవాణా డ్రైవర్లకు ఇది చిన్న మార్పు కాదు.

మోత ఎక్కడి నుంచి వస్తుంది

కింద స్పోకు మడతపడాలి అన్నాం. చక్రం తిరుగుతుంటే ప్రతి స్పోకూ చుట్టుకొకసారి నేల వైపు వచ్చి మడతపడి, మళ్లీ పైకి వెళుతూ చటుక్కున బిగుసుకుంటుంది. తొలినాటి ట్వీల్‌ను కార్లకు బిగించి చూసినప్పుడు గంటకు 80 కిలోమీటర్లు దాటాక కంపనం, మోత భరించలేనంతగా పెరగడానికి కారణం ఇదే.

మన కారు చక్రం చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. చక్రంలో 60 స్పోకులున్నాయనుకుంటే సెకనుకు 720 సార్లు ఏదో ఒక స్పోకు బిగుసుకుంటోందన్నమాట. సెకనుకు 720 సార్లు కొట్టుకునే చప్పుడు మన చెవికి చాలా స్పష్టంగా వినిపించే స్వరం. గంటల తరబడి అదే స్వరం కారులో కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. అదే చక్రం గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నడిస్తే స్పోకులు సెకనుకు 130 సార్ల చొప్పున, చాలా తక్కువ జోరుతో బిగుసుకుంటాయి. డీజిల్ ఇంజను మోతలో అది కలిసిపోతుంది.

దీన్ని తగ్గించే దారులున్నాయి. స్పోకులను విడివిడిగా కాకుండా కోణాకారంలో జతలుగా పెట్టడం ఒకటి. ఒక స్పోకుకూ మరొకదానికీ మధ్య దూరం కొద్దికొద్దిగా మార్చి, చప్పుడు ఒకే స్వరంలో పోగుపడకుండా చెదరగొట్టడం మరొకటి. గాలి టైర్ల పట్టా మీది గళ్లను కూడా ఇదే కారణంగా వేర్వేరు పొడవుల్లో చెక్కుతారు. ఇవి చప్పుడును తగ్గిస్తాయి, పూర్తిగా తీసివేయవు. మడతపడటం ఆగితే మెత్తదనమే పోతుంది.

మడత వల్ల అలసట కూడా ఉంది. మన చక్రం కిలోమీటరుకు 530 సార్లు తిరుగుతుంది. 50 వేల కిలోమీటర్లు నడిచేసరికి ప్రతి స్పోకూ 2 కోట్ల 65 లక్షల సార్లు మడతపడి లేచి ఉంటుంది. ఎండకూ వానకూ నిలిచి అన్ని మడతలు తట్టుకునే పదార్థాన్ని తయారు చేయడమే ఈ రంగంలోని అసలు పని.

ఇవాళ ఎక్కడ తిరుగుతున్నాయి

ఇదంతా తెలిశాక, ఈ టైర్లు మొదట ఎక్కడ నిలదొక్కుకున్నాయో చూస్తే ఆశ్చర్యం కలగదు. మిషెలిన్ 2012లో అమెరికాలో స్కిడ్ స్టీర్ లోడర్ల కోసం ట్వీల్‌ను అమ్మకానికి తెచ్చింది. మన దగ్గర చాలామంది బాబ్‌క్యాట్ అని పిలిచే చిన్న తొట్టి బండి ఇది. కూల్చిన ఇళ్ల శిథిలాలు ఎత్తడం, పాత ఇనుము గుట్టల మధ్య తిరగడం దీని పని. మేకులు, విరిగిన ఊచలు, గాజు పెంకుల మీదే దాని రోజంతా గడుస్తుంది. పైగా దీని ముందు చక్రాలు పక్కకు తిరగవు. ఒక వైపు చక్రాలను ఆపి, రెండో వైపు వాటిని తిప్పి, నేల మీద టైర్లను పక్కకు ఈడ్చుకుంటూ మలుపు తిరుగుతుంది. అలా ఈడ్చినప్పుడు ఊచ తగిలితే గాలి టైరు పక్కగోడ చీలిపోతుంది. అలాంటి చీలికకు పంక్చరు అతుకు నిలవదు.

ఈ యజమానులు అంతకుముందు రెండు దారులు పట్టేవారు. గాలి టైర్లోనే గట్టిపడే నురుగు నింపించడం, లేదా ముద్ద టైరు వేయించడం. రెండింటిలోనూ చక్రం బాగా బరువెక్కుతుంది, డ్రైవరు నడుము విరుగుతుంది. ట్వీల్ మెత్తదనం పోకుండా పంక్చరు బాధ తప్పించింది. లోడర్ వేగం ఎలాగూ తక్కువ కాబట్టి మోత సమస్య కాలేదు. బండి బరువు, తొట్టి పరిమితి ముందే తెలుసు కాబట్టి బిగువు మార్చుకోలేకపోవడం కూడా అడ్డు కాలేదు. టైరు ధర ఎక్కువైనా, పంక్చరు వల్ల బండి ఆగిపోయి కూలీలు చేతులు కట్టుకుని నిలబడే గంటల ఖర్చు ముందు అది గిట్టుబాటైంది. 2014లో కంపెనీ దక్షిణ కరోలినాలోని పీడ్‌మాంట్‌లో ఈ టైర్ల కోసమే కార్ఖానా తెరిచింది. ఆ తర్వాత గడ్డి కోసే పెద్ద యంత్రాలకు, పొలాల్లో తిరిగే చిన్న బండ్లకు కూడా వీటిని తయారు చేసింది.

సైన్యం అవసరం మరోలా ఉంటుంది. అక్కడ తూటా తగిలినా బండి ఆగకూడదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన రెసిలియంట్ టెక్నాలజీస్ తేనెపట్టు గదుల ఆకారంలో అల్లిన చక్రాన్ని సైనిక వాహనాల కోసం రూపొందించింది. ఆ కంపెనీని 2012లో కొనుక్కున్న పొలారిస్, మరుసటి ఏడాది ఆ తరహా చక్రాలతో నాలుగు చక్రాల చిన్న బండిని విడుదల చేసింది. ఆరు పలకల గదుల్లో కొన్ని చిరిగినా పక్క గదులు బరువును పంచుకుంటాయి. అయితే ఇందులో నేల వైపున్న గదులు కూడా కొంత బరువును నేరుగా మోస్తాయి కాబట్టి, పూర్తిగా వేలాడే చక్రంలో ఉన్నంత మెత్తదనం ఉండదు.

వేగం తక్కువైన చోటే మొదలుపెట్టాలన్న ఆలోచన మిగతా కంపెనీల్లోనూ కనిపిస్తుంది. 2011లో టోక్యో మోటార్ షోలో గాలి లేని టైరు చూపించిన బ్రిడ్జ్‌స్టోన్, జపాన్‌లోని హిగాషియోమి పట్టణంలో వృద్ధులను తిప్పే నెమ్మది బండ్ల మీద దాన్ని పరీక్షిస్తోంది. ఆ తరగతి బండ్లు గంటకు 20 కిలోమీటర్ల లోపే నడవాలన్నది అక్కడి నిబంధన. గుడ్‌ఇయర్ 2021లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ రవాణా సంస్థతో కలిసి డ్రైవరు లేని చిన్న బస్సుకు ఇలాంటి టైర్లు బిగించి నడిపింది. విశ్వవిద్యాలయాల ఆవరణల్లో పొట్లాలు చేరవేసే స్టార్‌షిప్ రోబో బండ్లకూ ఆ కంపెనీ వీటిని తయారు చేసింది. మనిషి లేని బండికి పంక్చరైతే దిగి చూసేవాళ్లుండరు, కాబట్టి అక్కడ వీటి అవసరం మరింత ఎక్కువ.

కారు దాకా ఎప్పుడు?

కారు కోసం మిషెలిన్ తయారు చేసిన రకం పేరు అప్టిస్. జనరల్ మోటార్స్‌తో కలిసి 2019లో మాంట్రియల్‌లో దీన్ని చూపించినప్పుడు 2024 నాటికి కార్లలోకి తేవాలన్నది లక్ష్యం. పంక్చర్ల వల్లా, గాలి సరిగా లేక అరిగిపోవడం వల్లా దాదాపు 20 శాతం టైర్లు కాలం తీరకుండానే చెత్తలోకి చేరుతున్నాయని ఆ కంపెనీ అంచనా. అప్టిస్‌లో స్పోకులను గాజు పీచు కలిపిన రెజిన్‌తో చేశారు. గాజు పీచు కలిస్తే రేకు పలచగా ఉన్నా మడతకు పగలదు, లాగుడుకు సాగిపోదు. హబ్బు అల్యూమినియంది.

2024 గడిచిపోయింది. అప్టిస్ మాత్రం ఇంకా జనం కొనుక్కునే కార్ల మీదికి రాలేదు. అది తిరుగుతున్నది ఊళ్లలో డెలివరీ చేసే వ్యాన్ల మీద. సింగపూర్‌లో డీహెచ్ఎల్ పార్సిల్ వ్యాన్లు, ఉత్తర ఫ్రాన్స్‌లో లా పోస్ట్ తపాలా వ్యాన్లు. ఈ ఎంపికలోనే ఆలస్యానికి కారణం ఉంది. తపాలా వ్యాన్ రోజూ తెలిసిన దారిలో, తెలిసిన బరువుతో, ఊరి వేగంలో తిరుగుతుంది. సాయంత్రం ఒకే షెడ్డుకు చేరుతుంది, అక్కడ మెకానిక్ స్పోకులను చూసి లెక్క రాసుకోగలడు. సొంత కారు అలా కాదు. ఇవాళ ఒక్కరితో బజారుకు, రేపు ఐదుగురితో హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో, మే నెల మిట్టమధ్యాహ్నం కాలే తారు మీద. వేడికి రెజిన్, పాలీయురేథేన్ రెండూ మెత్తబడతాయి. పొర మెత్తబడితే మనం లెక్క వేసిన ఆ 60 తగ్గుతుంది, చక్రం ఇంకా కుంగుతుంది, ఇంకా నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఈ వలయంలో పడకుండా అన్ని వేగాలకూ, బరువులకూ, వేసవులకూ ఒకే బిగువు సరిపోయేలా చేయడం కష్టం. దానికి తోడు చాలా దేశాల్లో కారు టైర్ల నిబంధనలు గాలి టైరును మనసులో పెట్టుకుని రాసినవే.

చెడిపోతే ఎలా తెలుస్తుంది

పంక్చరు కాదంటే చెడదని కాదు. గాలి టైరు చెడితే బండి ఒరిగి తానే చెబుతుంది. గాలి లేని టైరును మాత్రం మనమే వంగి చూడాలి. మొదట పగుళ్లు వచ్చేది స్పోకు హబ్బుకు అతికే మొదట్లో, లేదా వలయానికి అతికే చివర్లో. మడత ప్రభావం ఎక్కువగా పడేది ఆ మూలల మీదే. వేలితో తడిమితే తగిలే సన్నటి గీతలా అది మొదలవుతుంది. ఒక స్పోకు తెగితే చక్రం కూలదు, పక్కవి ఆ బరువు పంచుకుంటాయి. కానీ పంచుకున్నవి త్వరగా అలసిపోతాయి. కాబట్టి వరసగా రెండు మూడు తెగి కనిపిస్తే చక్రం మార్చాల్సిందే.

రెండో లోపం వలయం పొరలు విడిపోవడం. పక్క అంచు మీద పొరల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది, లేదా పట్టా మీద ఒకచోట ఉబ్బు తేలుతుంది. అక్కడ పట్టీల మధ్య జారుడును ఆపేవాడు లేడు కాబట్టి ఆ భాగం నేలను తాకినప్పుడల్లా బండి గతుక్కుమంటుంది. మూడోది కంకర, బురద. స్పోకుల మధ్య పక్కలు తెరిచే ఉంటాయి. ఒక కంకర రాయి ఇరుక్కుంటే ఆ స్పోకు మడతపడలేదు, చుట్టుకొకసారి ఎడ్లబండి ఆకులా స్తంభమై నిలబడుతుంది. చక్రం తిరిగే వేగానికి తగ్గట్టు ఒకే లయలో కుదుపు వస్తుంటే ముందు అక్కడ చూడాలి. బురద ఒకవైపే గట్టిపడితే చక్రం సమతూకం తప్పి, వేగం పెరిగేకొద్దీ ఊగుతుంది. వానాకాలం నల్లరేగడి మట్టిలో తిరిగే బండికి ఇది రోజూ ఎదురయ్యే సంగతే. పట్టా అరిగిపోయినా, స్పోకు తెగినా హబ్బుతో సహా చక్రం మొత్తాన్ని విప్పాలి. వీధి చివర పంక్చరు షాపులో అతుకు వేయించుకునే వీలు దీనికి లేదు.

రేపు మీ ఊళ్లో ఎవరైనా గాలి లేని టైరు అమ్మజూపితే పంక్చరు కాదన్న మాట దగ్గరే ఆగిపోకండి. ఆ మాట ముద్ద రబ్బరు టైరుకూ నిజమే. మూడు ప్రశ్నలు అడగండి. కింద స్పోకు మడతపడుతుందా, స్తంభంలా నిలబడుతుందా? ఎంత బరువుకు, ఎంత వేగానికి దీని బిగువు నిర్ణయించారు? అరిగిపోయాక పట్టా ఒక్కటే మారుస్తారా, చక్రమంతా మారుస్తారా? లోడర్ యజమానులకు ఈ మూడింటికీ సరైన జవాబులు దొరికాయి కాబట్టే వాళ్లు పదేళ్ల కిందటే మారారు. తపాలా వ్యాన్లకు ఇప్పుడిప్పుడే దొరుకుతున్నాయి. రెండో ప్రశ్నకు కారు విషయంలో తృప్తికరమైన జవాబు వచ్చే దాకా గాలి కొట్టించుకోవడం మానలేం.